ఆఖరి పేజీ ముందు చదివేవాళ్ళు

1748 చివర్లో, లండన్‌లో అచ్చాఫీసు నడుపుకుంటున్న శామ్యూల్ రిచర్డ్‌సన్‌కి ఒక పాఠకురాలి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన రాసిన 'క్లారిస్సా' నవల అప్పటికి నాలుగు సంపుటాలు వెలువడింది. ఇంకా మూడు రావాలి. కథానాయిక క్లారిస్సాని లవ్‌లేస్ అనే రసికుడు మాయచేసి ఇంట్లోంచి తీసుకుపోయి, లండన్‌లో ఒక చెడ్డ కొంపలో ఉంచాడు. ఆమె చచ్చిపోతుందనీ, కథ విషాదంగా ముగుస్తుందనీ ఊళ్ళో ఎవరో అనగా విని ఆ పాఠకురాలు ఉండబట్టలేక కలం పట్టింది. ఆ అమ్మాయిని చంపొద్దు, అతన్ని మార్చండి, ఇద్దరికీ పెళ్ళి చెయ్యండి అని వేడుకుంది. బెల్‌ఫోర్ అని మారుపేరు పెట్టుకుంది గాని ఆవిడ లాంకషైర్‌లో ఉండే లేడీ బ్రాడ్‌షా. రిచర్డ్‌సన్ ఓపిగ్గా జవాబులు రాశాడు, ఒప్పుకోలేదు. డిసెంబరులో మిగిలిన సంపుటాలు వచ్చాయి. లవ్‌లేస్ ఆమెకి మత్తుమందు ఇప్పించి చెరుస్తాడు. క్లారిస్సా అతన్ని పెళ్ళాడడానికి ఒప్పుకోదు. చివరికి మరణిస్తుంది.

లేడీ బ్రాడ్‌షా తోబుట్టువు లేడీ ఎక్లిన్‌కి కూడా ఆ కథ మింగుడుపడలేదు. ఆవిడ ఉత్తరంతో ఊరుకోకుండా తనే కూచుని ముగింపు మార్చి రాసుకుంది. ఆవిడ రాసుకున్న కథలో అత్యాచారం లేదు. లవ్‌లేస్ పశ్చాత్తాపపడతాడు. క్లారిస్సా మాత్రం అక్కడ కూడా చనిపోతుంది. ఆ రాతప్రతి రెండు వందల ఏళ్ళకు పైగా అలాగే ఉండి 1982లో అచ్చయింది.

ఈ ఇద్దరి గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఒకావిడ చివరి పేజీ మార్చమంది. రెండో ఆవిడ చివరి పేజీని దాదాపు అలాగే ఉంచి మధ్యలో జరిగిన ఘోరాన్ని తీసేసింది. ప్రేమకథకి సుఖాంతం కావాలని పాఠకులు ఎందుకంత పట్టుబడతారు అన్న ప్రశ్నకు జవాబు ఈ ఇద్దరి మధ్యే ఉందని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. కొన్నేళ్ళు ఒక వారపత్రికకు వచ్చే సీరియల్ నవలలు చదివి అభిప్రాయం చెప్పే పని చేశాను. నేర్చుకున్నది చాలావరకు అక్కడే. అంతకుముందే తెలిసిన సంగతి ఒకటి, అప్పుడు అర్థం తెలియనిది, మా ఊళ్ళో అద్దె పుస్తకాల కొట్టులో చూశాను.

ఆ కొట్టు బస్టాండు దగ్గర, సోడా బండి పక్కన ఉండేది. మూడు గోడలకీ నవలలే. అట్టలు ఊడకుండా గోధుమరంగు కాగితం వేసి, వీపు మీద నంబరు రాసేవాడు కొట్టాయన. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి నవలల్ని ఒక్కోదానికి రెండు మూడు ప్రతులు ఉంచేవాడు. సాయంత్రాలు ఆడవాళ్ళు వచ్చేవారు, కొందరు కూరల సంచీతో, కొందరు పిల్లల్ని చంకనేసుకుని. పుస్తకం చేతిలోకి తీసుకోగానే చాలామంది చేసే మొదటి పని ఆఖరి పేజీ తిప్పడం. నిలబడే చదివేసేవారు. కొందరికి అదీ తీరిక లేక, "ఆఖర్న కలుస్తారా అండీ?" అని అడిగేవారు. "కలుస్తారమ్మా, కలవకపోతే మీకెందుకిస్తాను" అనేవాడాయన. అందుకే ఆ కొట్టులో నవలలకి మొదటి పేజీ కంటే ముందు ఆఖరి పేజీ ఊడొచ్చేది. మైదా పిండి ఉడకబెట్టిన జిగురు గిన్నె బల్లకింద ఉండేది. మధ్యాహ్నాలు ఆయన కూచుని ఆఖరి పేజీలు అంటించేవాడు.

ముగింపు ముందే చదివేసి, మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళి మొదట్నుంచీ చదవడం ఎందుకు? ఆ వయసులో నాకది తోచలేదు. దీనికి జవాబు దొరికింది తర్వాతెప్పుడో, జానిస్ రాడ్వే అనే అమెరికన్ పండితురాలి పుస్తకంలో. 1984లో వచ్చిన ఆ పుస్తకం కోసం ఆవిడ మధ్య అమెరికాలో ఒక ఊరికి వెళ్ళి రొమాన్స్ నవలలు విపరీతంగా చదివే గృహిణులతో మాట్లాడింది. ఊరికి స్మిత్‌టన్ అని మారుపేరు పెట్టింది. అక్కడ పుస్తకాల దుకాణంలో పనిచేసే డాట్ అనే ఆమె ఏ నవల మంచిదో ఏది కాదో వాళ్ళకి చెప్పేది, ఆ తీర్పుల్ని కాగితాల మీద వేసి పంచేది కూడా. వాళ్ళలోనూ కొనేముందు చివరి పేజీలు చూసుకునేవాళ్ళు ఉన్నారు. సంతోషంగా ముగియని పుస్తకాన్ని వాళ్ళు రొమాన్స్ కిందే లెక్కవెయ్యలేదు. పగలంతా భర్తకీ పిల్లలకీ చాకిరీ చేసి, తమకంటూ మిగుల్చుకున్న గంట అది. ఆ గంటలో ఒక ఆడమనిషి అవమానపడడం, ఒంటరవడం, బెదిరిపోవడం వాళ్ళు చదువుతారు. కష్టం లేని కథ వాళ్ళకీ అక్కర్లేదు. ఆ కష్టాన్ని ధైర్యంగా చదవడానికి కావలసిన హామీ చివరి పేజీలో ఉంటుంది. మా ఊరి కొట్టులో నిలబడి ఆఖరి పేజీ తిప్పినవాళ్ళు కూడా ఆ హామీనే చూసుకుని వెళ్ళారు.

ఇక్కడొక మాట చెప్పాలి. తెలుగువాళ్ళు విషాదం భరించలేరని ఎవరైనా అంటే నేనొప్పుకోను. 1953 'దేవదాసు'ని ఇప్పటికీ తలుచుకుంటాం. 1978లో 'మరోచరిత్ర'లో ఇద్దరూ చచ్చిపోతే జనం మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూశారు. 'దేవదాసు' అన్న పేరు వింటేనే అతను బాగుపడడని తెలుస్తుంది. అక్కడ కుదిరిన ఒప్పందం వేరు. పాఠకుడికి కోపం వచ్చేది దుఃఖానికి కాదు, మాట తప్పినందుకు. మొదటి ప్రకరణంలో వర్షంలో గొడుగు పట్టించి, మాటకు మాట చెప్పించి, రేపటిమీద ఆశ పెంచి, ఇరవై ఎనిమిదో వారంలో లారీ కింద తోసేస్తే ఉత్తరాలు సంచులకొద్దీ వస్తాయి. వచ్చాయి కూడా. ఆ ఉత్తరాల్లో ఏడుపు తక్కువ, నిలదీత ఎక్కువ.

ముగింపు ముందే తెలిసినప్పుడు రచయితకి పని తేలికవుతుందని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. కలుస్తారా లేదా అన్న ఉత్కంఠ పోయింది కాబట్టి పాఠకుడి చూపంతా ఎలా కలుస్తారన్న దానిమీద పడుతుంది. అడ్డంకి నిజమైనదేనా? అది తొలగడానికి ఎవరు ఏం చేశారు? అలా తొలగడం నమ్మేలా ఉందా? డిటెక్టివ్ నవల చదివేవాడు హంతకుడు దొరుకుతాడనే నమ్మకంతో ఆధారాల మీద ఎలా కన్నేసి ఉంచుతాడో, ప్రేమకథ చదివేవాళ్ళు ఆ మధ్య పేజీల మీద అలా కన్నేసి ఉంచుతారు.

ఈ మధ్య పేజీల పనితనం ఎలా ఉండాలో చూడాలంటే జేన్ ఆస్టెన్ 1813లో అచ్చువేసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ని విప్పి చూడాలి. పమేలా రెజిస్ అనే విమర్శకురాలు 2003లో రాసిన పుస్తకంలో, ప్రేమనవలకు తప్పనిసరి అని ఎనిమిది అంగాలు చెప్పి, ఈ నవలనే ఉదాహరణగా తీసుకుంది. వాటిలో రెండింటి దగ్గర ఆగితే చాలు. ఒకటి అడ్డంకి. రెండోది ఇక అంతా అయిపోయిందనిపించే ఘట్టం. రెజిస్ దాన్ని మరణంలాంటిదని వర్ణిస్తుంది.

నవలకి మొత్తం 61 అధ్యాయాలు. నాయకుడు డార్సీ నాయిక ఎలిజబెత్‌ని మొదటిసారి పెళ్ళాడమని అడిగేది 34వ అధ్యాయంలో, సగం దాటిన కాసేపటికే. నీ కుటుంబం నా అంతస్తుకి తగదు, అయినా ప్రేమించకుండా ఉండలేకపోతున్నాను అన్న ధోరణిలో అడుగుతాడు. ఆమె ఛీ కొడుతుంది. అక్క జేన్ ప్రేమని విడగొట్టావు, విక్‌హామ్ అనే అతనికి అన్యాయం చేశావు, నీ తీరు పెద్దమనిషి తీరులా లేదు అంటుంది. ఆమె చెప్పిన కారణాల్లో విక్‌హామ్ సంగతి అబద్ధం, తక్కిన రెండూ నిజం. ఆ పాళ్ళు చూడండి. మొత్తం అపార్థమే అయితే మర్నాడు అతనిచ్చిన ఉత్తరంతో కథ అయిపోవాలి. ఉత్తరం వస్తుంది, అపార్థం తొలగుతుంది, అయినా ఇంకా 26 అధ్యాయాల కథ మిగిలే ఉంటుంది. ఎందుకంటే అతని అహంకారం నిజం. దాన్ని ఉత్తరాలు తొలగించలేవు.

46వ అధ్యాయంలో పిడుగు పడుతుంది. చెల్లెలు లిడియా విక్‌హామ్‌తో లేచిపోయిందని కబురు. ఎలిజబెత్ ఆ సంగతి చెప్పేది డార్సీకే. సరిగ్గా అతన్ని ప్రేమించగలనని ఆమెకి తెలిసొచ్చిన క్షణంలోనే, ఇలాంటి పరువు తక్కువ ఇంటివైపు అతను ఇక తిరిగి చూడడని కూడా తెలిసొస్తుంది. అతను 34వ అధ్యాయంలో ఏ కుటుంబాన్ని తక్కువ చేసి మాట్లాడాడో, ఆ కుటుంబం అతని మాటని నిజం చేసి చూపించింది. రచయిత్రి మొదటి అడ్డంకినే తీసుకుని పదింతలు చేసి మళ్ళీ ఎదురుగా నిలబెట్టింది. మూడు వంతులు కథ నడిచాక కొత్త విలన్‌ని ఎక్కడినుంచో పట్టుకురాలేదు.

తర్వాత జరిగింది ఎలిజబెత్‌కి 52వ అధ్యాయంలో, అత్త శ్రీమతి గార్డినర్ రాసిన ఉత్తరం వల్ల తెలుస్తుంది. డార్సీ లండన్ వెళ్ళి, వెతికి, తనకి ప్రపంచంలో అందరికంటే అసహ్యమైన మనిషి విక్‌హామ్‌తో కూచుని బేరం చేశాడు. వెయ్యి పౌన్లకి పైబడిన అప్పులు తీర్చాడు. లిడియా పేర మరో వెయ్యి పెట్టాడు. విక్‌హామ్‌కి సైన్యంలో ఉద్యోగం కొన్నాడు. ఎలిజబెత్‌కి తెలియనివ్వొద్దని మాట తీసుకున్నాడు. ప్రేమకథ పాఠకులు ఎదురుచూసేది ఈ పేజీ కోసం. అతను మారాడని ఎలా నమ్మాలి? ఆమె చూడనప్పుడు, ప్రతిఫలం ఆశించకుండా, తన అహంకారానికి ఎక్కడ నొప్పి పుడుతుందో అక్కడే దెబ్బ తినడానికి సిద్ధపడ్డాడు కనక. 58వ అధ్యాయంలో రెండోసారి పెళ్ళి మాట ఎత్తినప్పుడు ఆ సంభాషణ చాలా క్లుప్తంగా ఉంటుంది, ఆమె జవాబుని రచయిత్రి సూటిగా మాటల్లో పెట్టను కూడా పెట్టదు. పని ముందే అయిపోయింది.

ఇదే లెక్క వెయ్యేళ్ళకు పైగా ముందు భవభూతికి తెలుసు. ఎనిమిదో శతాబ్దపు 'ఉత్తరరామచరితం' ఏడంకాల నాటకం. రామాయణంలో సీత భూమిలో కలిసిపోతుంది. భవభూతి ఆమెని రాముడికి తిరిగి ఇచ్చాడు. నాటకం సుఖాంతం కావాలన్నది సంస్కృత సంప్రదాయం. ఆరంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అని లాక్షణికులు అయిదు దశలు చెప్పి, చివరికి ఫలం చేతికందాలన్నారు. అయితే నిండుచూలాలిని అడవిలో వదిలేసిన భర్తకి ఆమెని ఎలా తిరిగివ్వాలి? నియమం ఉంది కదా అని ఏడో అంకంలో ఇచ్చేస్తే ఏ ప్రేక్షకురాలూ ఒప్పుకోదు.

భవభూతి దానికి చేసిన ఏర్పాటు మూడో అంకం. దాన్ని ఛాయాంకమంటారు. పన్నెండేళ్ళ తర్వాత రాముడు పంచవటికి వస్తాడు. గంగాదేవి వరంవల్ల సీత ఎవరికీ కనపడదు, వనదేవతలకి కూడా. తమస అనే నదీదేవత మాత్రం ఆమె వెంట ఉంటుంది. రాముడు ఆ చెట్లనీ, వాళ్ళిద్దరూ తిరిగిన చోట్లనీ చూసి మూర్ఛపోతాడు. ఆమె స్పర్శతో తేరుకుంటాడు, కాని ఆమె కనపడదు. సీత చెలికత్తె అయిన వనదేవత వాసంతి రాముణ్ణి ముఖంమీదే నిలదీస్తుంది. సీత పక్కనే నిలబడి అంతా వింటుంది. అశ్వమేధంలో పక్కన ధర్మపత్నిగా ఇంకెవరినీ కూచోబెట్టుకోక, తన బంగారు ప్రతిమను పెట్టుకున్నాడని కూడా అతని నోటే వింటుంది. ఆమె వింటోందని అతనికి తెలియదు. డార్సీ రహస్యంగా ఇచ్చిన డబ్బుకీ, రాముడి ఈ దుఃఖానికీ కథలో చేసే పని ఒకటే. నొచ్చుకున్న మనిషికి, నొప్పించినవాడి మనసు, వాడు నటించడానికి వీల్లేని చోట తెలియాలి. ఏడో అంకంలో గంగ ఒడ్డున వాల్మీకి రాసిన నాటకాన్ని అప్సరసలు ఆడతారు. అది చూసి రాముడు మూర్ఛపోతే అరుంధతి సీతను తీసుకొస్తుంది. నిందలు వేసిన పౌరులు తల వంచుతారు. ఆ కలయిక నిలబడుతున్నదంటే మూడో అంకంలో ఆమె విన్నది విన్నది కాబట్టే.

1963లో 'లవకుశ' వచ్చినప్పుడు సీత భూమిలోకి వెళ్ళిపోవడం చూసి తెలుగుదేశమంతా ఏడ్చింది. ఒకే కథ, రెండు ముగింపులు, రెండూ నిలిచాయి. రెండింట్లోనూ సీతకి జరిగిన అన్యాయాన్ని ఎవరూ తేలిక చెయ్యలేదు.

ఇక వారపత్రిక బల్ల దగ్గరికొస్తాను. అచ్చయ్యే పద్ధతి కథని ఎలా వంచుతుందో అక్కడ కళ్ళారా చూశాను. మిల్స్ అండ్ బూన్ నవల సుమారు 190 పుటలు, యాభై వేల మాటల పైచిలుకు. అందులో ఉపకథలకి చోటుండదు. నాయికా నాయకులు మొదటి పుటల్లోనే ఎదురుపడాలి, ఒకే అడ్డంకి బలంగా ఉండాలి. మన సీరియల్‌కి వారానికో సశేషం కావాలి. ఆ వారం ఆగే చోట పాఠకురాలి గుండె ఆగాలి. ఒక్క పెద్ద అడ్డంకిని ముప్పై వారాలు సాగదియ్యడం కష్టం గనక, రచయితలు వారానికో చిన్న అపార్థం పేర్చేవారు. చూడకూడని సమయంలో చూసిన ఫోటో, చేరని ఉత్తరం, తలుపు చాటున సగం విన్న మాట. ఇవి సశేషాన్ని గట్టెక్కిస్తాయి, నవలని ముంచుతాయి. ఒక్కసారి కూచుని మాట్లాడుకుంటే తీరిపోయే తగాదా అయితే, వాళ్ళిద్దరూ ఎందుకు మాట్లాడుకోవట్లేదని పాఠకురాలు విసుక్కుంటుంది. యద్దనపూడి 'సెక్రటరీ' అప్పట్నుంచీ ఇప్పటిదాకా అచ్చవుతూనే ఉందంటే ఒక కారణం, జయంతికీ రాజశేఖరానికీ మధ్య ఉన్నది వట్టి అపార్థం కాకపోవడం. అతని డబ్బు, ఆమె ఆత్మాభిమానం, ఉద్యోగం ఇచ్చినవాడికీ తీసుకున్నదానికీ ఉండే ఎత్తుపల్లం నిజమైన దూరాలు.

నా చేతికి వచ్చిన రాతప్రతుల్లో ఒకదాన్ని గురించి చెబుతాను. కథ కడియం దగ్గర నర్సరీల్లో జరుగుతుంది. అమ్మాయి తన తండ్రి నర్సరీని నడుపుతుంది. మొక్కలు అంటుకట్టడం, లారీకెక్కించడం, బేరాలు అన్నీ తనే. అబ్బాయి బ్యాంకు అధికారి. అప్పు కట్టలేదని నర్సరీకి వేలం నోటీసు అతని సంతకంతో వస్తుంది. అడ్డంకి బంగారంలాంటిది. అతని ఉద్యోగధర్మం ఒకవైపు, ఆమె బతుకు ఒకవైపు. కాని మొదటి ప్రతిలో అబ్బాయి ఆమెని కొనుగోలుదార్ల ముందు కేకలేసి అవమానిస్తాడు, రెండుసార్లు. చివరి ప్రకరణంలో అతనికి ప్రమాదం జరుగుతుంది, ఆస్పత్రి మంచంమీద ఏడుస్తాడు, ఆమె క్షమిస్తుంది. కలిశారు. నియమం ప్రకారం అంతా సరిగానే ఉంది. చదివాక నోరు చేదయింది.

స్మిత్‌టన్ ఆడవాళ్ళు మెచ్చని నవలల గురించి రాడ్వే రాసింది నాకప్పుడు గుర్తొచ్చింది. సుఖాంతం ఉన్నా వాళ్ళు కొన్ని నవలల్ని తిప్పికొట్టారు. వాటిలో నాయకుడి క్రూరత్వం మరీ ఎక్కువ, మెత్తదనం మరీ ఆలస్యం. ఆఖరి నాలుగు పేజీల్లో కరిగిపోయిన రాయిని వాళ్ళు నమ్మలేదు. మంచి నవలలో నాయకుడు కరుకుగా ఉన్నా, మొదట్లోనే ఎక్కడో ఒకచోట అతని మెత్తదనం ఒక్క క్షణం బయటపడాలి. నాయికకి అప్పుడు అర్థం కాకపోయినా పాఠకురాలు దాన్ని దాచుకుంటుంది.

ఆ రచయిత్రిని పిలిచి మాట్లాడాం. "ఆఖర్న ప్రమాదం తీసేద్దామా అమ్మా? అతనికి దెబ్బ తగిలితే ఆమెకి జాలేస్తుంది. నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "అయితే అతన్నేం చెయ్యమంటారు?" అంది. "అతని ఉద్యోగంలోనే ఏదన్నా చేయించండి" అన్నాను. రెండు నెలలకి కొత్త ప్రతి వచ్చింది. కేకలు ఒక్కసారికి తగ్గాయి, ఆ ఒక్కసారీ అదే అధ్యాయంలో అందరి ముందూ క్షమాపణ ఉంది. నోటీసు ఇచ్చాక అతను ఆదివారం ఆఫీసు తెరిచి ఆ ఖాతా మొదట్నుంచీ వేసి చూస్తాడు. అపరాధ వడ్డీ తప్పుగా పడిందని తేలుతుంది. అది వేసింది తనే. తన తప్పు తనే రాసి పైవాళ్ళకి పంపుతాడు. ప్రమోషన్ పోతుంది. ఆమెకి ఈ సంగతి రెండు ప్రకరణాల తర్వాత, మొక్కలు కొనడానికి వచ్చిన గుమాస్తా మాటల్లో తెలుస్తుంది. నవల అచ్చయ్యాక వచ్చిన ఉత్తరాల్లో పెళ్ళి గురించి రాసినవాళ్ళు తక్కువ. ఆ ఆదివారం గురించి రాసినవాళ్ళే ఎక్కువ.

సుఖాంత నియమంలో ఉన్న ప్రమాదం కూడా ఇక్కడే ఉంది, దీన్ని దాచి లాభం లేదు. చివరికి ప్రేమే అని ముందే తెలుసు కాబట్టి, మధ్యలో అతను చేసిన ప్రతి క్రూరత్వాన్నీ ప్రేమగా చదివించే అవకాశం రచయితకి దొరుకుతుంది. కొట్టాడంటే ఇష్టం ఉండబట్టే, అనుమానించాడంటే పోగొట్టుకుంటాననే భయంతోనే అని. 1972లో అమెరికాలో కాథ్లీన్ వుడివిస్ రాసిన 'ది ఫ్లేమ్ అండ్ ద ఫ్లవర్' లక్షల్లో అమ్ముడై ఆ తరహా నవలలకి దారి వేసింది. అందులో నాయకుడు నాయికని మొదట చెరుస్తాడు, తర్వాత పెళ్ళాడతాడు, తర్వాత ప్రేమిస్తాడు. లేడీ బ్రాడ్‌షా కోరుకున్న ముగింపు రెండు వందల ఏళ్ళ తర్వాత అలా దొరికింది. నా మటుకు నేను ఈ విషయంలో రిచర్డ్‌సన్ పక్షం. కొన్ని పనులు చేసినవాడికి ప్రాయశ్చిత్తం ఉండొచ్చు, ఆమె చెయ్యి మాత్రం అందులో భాగం కాకూడదు. లేడీ ఎక్లిన్ ఆ సంగతి పట్టుకుంది. లవ్‌లేస్‌ని మంచివాణ్ణి చెయ్యాలంటే ముందు అతను ఆ పని చెయ్యకుండా ఆపాలని ఆవిడకి తోచింది.

ఇదంతా చూసి సుఖాంతమంటేనే పాతకాలపు మత్తు అని తీసిపారేసేవాళ్ళున్నారు. వాళ్ళు ఇ.ఎం. ఫార్‌స్టర్ 'మోరిస్' సంగతి తెలుసుకోవాలి. ఇద్దరు మగవాళ్ళ ప్రేమ గురించి ఆయన 1913-14లో రాసిన నవల అది. అప్పటి ఇంగ్లండులో ఆ ప్రేమ జైలుశిక్ష పడే నేరం. ఆ ఇద్దరిలో ఒకడు ఉరేసుకున్నట్టో, ఇద్దరూ కలిసి చచ్చిపోయినట్టో రాసి ఉంటే అచ్చుకి దారి దొరికేదేమో. ఫార్‌స్టర్ వాళ్ళిద్దర్నీ బతికించి కలిపాడు. సుఖాంతం తప్పనిసరి అనీ, అది లేకపోతే ఈ నవల రాసేవాణ్ణే కాదనీ 1960లో జతచేసిన వెనుకమాటలో స్పష్టంగా చెప్పాడు. ఆ ముగింపు కోసమే ఆ పుస్తకం దాదాపు అరవై ఏళ్ళు బల్లసొరుగులో ఉండిపోయింది. 1970లో ఆయన పోయాక, 1971లో అచ్చయింది. మీకు సంతోషం రాసిపెట్టి లేదని లోకం తేల్చేసినవాళ్ళకి సుఖాంతం రాయడం ఎంత పెద్ద తెగువో ఆ అరవై ఏళ్ళు చెబుతాయి. మన దగ్గర కులం దాటి పెళ్ళాడినవాళ్ళని నరికేసిన వార్తలు చదివి, తర్వాత అలాంటి జంటని కథలో కూడా చంపేసే రచయితలకి నేను ఈ మాటే చెబుతూ వచ్చాను. వాళ్ళని బతికించే దారి వెతికి రాయండి. చాలా కష్టం, అందుకే రాయాలి.

ఆఖరి పేజీ ముందు చూసుకునే అలవాటు మీకుంటే సిగ్గుపడకండి, చూసుకోండి. తర్వాత వెనక్కొచ్చి చదివేటప్పుడు మూడు వంతుల కథ అయ్యేచోట కాస్త ఆగండి. అతను ఆమెకి తెలియకుండా, తనకి నష్టమయ్యేలా, చేసిన పని ఒక్కటన్నా ఉందా అని వెతకండి. లేకపోతే ఆ పత్రికకి ఉత్తరం రాయండి. మేం ఆ ఉత్తరాలు చదివేవాళ్ళం.